కపిల తోలే బావ ఎందుకు రాలేడు: సీమ ప్రేమపాటల్లో బావి, చేను, బండి

సంక్షిప్తంగా: కర్నూలు, అనంతపురం, కడప పల్లెల ప్రేమపాటలను విదేశీ జీవిత భాగస్వామికి మాటకు మాట అనువదించి చెబితే అవి పల్లె అందాల వర్ణనలుగా మిగిలిపోతాయి. ఆ పాటల్లో బావి, చేను, బండి అలంకారాలు కావు, పనిముట్లు. ఎవరు కదలగలరు, ఎవరు కదలలేరు, ఎవరి గొంతు ఎంత దూరం వినబడుతుంది అన్నవి ఆ పనిముట్లే తేలుస్తాయి. ముందు పని తీరు చెప్పి, తర్వాత పాట వినిపిస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల మీది పాటను ఒకదాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ వరస ఎలా సాగుతుందో ఈ వ్యాసం చూపుతుంది.

సీమ నుంచి ఉద్యోగాలకు, చదువులకు వెళ్ళినవారు అక్కడివారిని పెళ్ళాడి, పండగకో పెళ్ళికో ఊరికి తీసుకురావడం ఇప్పుడు అరుదు కాదు. పెళ్ళింట్లో పెద్దావిడ ఎవరో పాత పాట ఎత్తుకుంటుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వుతారు. కొత్త అల్లుడో కోడలో "ఏమన్నారు?" అని అడుగుతారు. చెప్పవలసిన మనిషి తడబడేది అక్కడే. మాటలు తెలుసు, వాటికి ఇంగ్లీషు కూడా తెలుసు. అయినా చెప్పాక ఎవరూ నవ్వరు. పైగా "ఈమె తన మేనమామను ప్రేమిస్తోందా?" అన్న ఎదురు ప్రశ్న వస్తుంది.

ఈ తడబాటుకు భాష ఒక్కటే కారణం కాదు. చెప్పే మనిషి కూడా కపిల తోలడం చూసి ఉండరు. ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చాక కపిలలు మూలపడ్డాయి. బోర్లు వచ్చాక చాలా బావులే ఎండిపోయాయి. పాట మిగిలింది, దానికి ఆధారమైన పని పోయింది. కాబట్టి వివరణ అవసరమైనది విదేశీ భాగస్వామికి మాత్రమే అనుకోవడం సగం నిజమే.

నాలుగు పాదాలు

ఏ ఊరి పాటనో తీసుకుని దాని స్వచ్ఛత గురించి తగాదా పడకుండా, ఈ తరహా పాటల పద్ధతిలో ఈ వ్యాసం కోసమే కూర్చిన నాలుగు పాదాలు ఇవి:

కపిల తోలే బావయ్యా, గొంతెత్తి పాడవయ్యా
మడవ తిప్పే చేతికి నీ మాట అందాలయ్యా
ముందుకెళ్ళి వెనక్కొచ్చే జోడెద్దుల బావయ్యా
గెనిమ మీద సంగటి చల్లారె, గడియైనా రావేమయ్యా

ఉదాహరణకు ప్రొద్దుటూరు వైపు అమ్మాయి ఒకామె ఈ పాటను తన జర్మన్ భర్తకు చెబుతోంది అనుకుందాం. నిఘంటువు చేతిలో పెట్టుకుని చెబితే తేలేది ఇంతే: బావి దగ్గర ఎద్దులు తోలుతున్న బంధువును ఒక స్త్రీ పాడమంటోంది, అన్నం చల్లారిపోతోంది, త్వరగా రమ్మంటోంది. భర్త "చక్కగా ఉంది" అంటాడు. ఇందులో ప్రేమ ఎక్కడుందో అతనికి తెలియదు. పాట ఎందుకు ఇంత గడుసుగా ఉందో అసలే తెలియదు.

కపిల ఎలా పని చేస్తుంది

కోస్తాలోనూ తెలంగాణలోనూ మోట అని పిలిచేదాన్నే సీమలో ఎక్కువగా కపిల అంటారు. బావి అంచున రాతి స్తంభాలో దిమ్మెలో నిలబెట్టి వాటి మీద గిలక బిగిస్తారు. గిలక మీదుగా మోకు వెళుతుంది. మోకు ఒక కొన నీళ్ళు తోడే పెద్ద పాత్ర అయిన బానకు, రెండో కొన ఎద్దుల కాడికి. బానకు అడుగున తోలుతో చేసిన తొండం ఉంటుంది. తొండం మూతికి వేరే సన్నతాడు కట్టి, దాన్ని కింద ఉన్న చిన్న కదురు మీదుగా నడుపుతారు. బాన బావిలో ఉన్నంతసేపూ ఆ సన్నతాడు తొండాన్ని పైకి మడిచి పట్టుకుంటుంది కాబట్టి నీళ్ళు కారవు. బాన ఒడ్డుకు రాగానే తొండం తొట్టిలోకి చాచుకుని నీళ్ళు వాటంతట అవే దిగిపోతాయి. బానను వంచడానికి ఇంకో మనిషి అక్కర్లేదు. పాటకు ఇది ముఖ్యం: బావి దగ్గర ఉండేది ఒక్క మనిషే.

బావి ముందు నేలను వాలుగా తవ్విన బాట ఉంటుంది. ఎద్దులు ఆ వాలు దిగుతూ బానను పైకి లాగుతాయి. తోలే మనిషి చాలాసార్లు మోకు మీద కూర్చుంటాడు, అతని బరువు కూడా లాగుడుకు తోడవుతుంది. బాన ఖాళీ అయ్యాక ఎద్దులు తిరగవు. అలాగే వెనక్కి వెనక్కి నడుస్తూ వాలు ఎక్కుతాయి. ఎద్దుకు వెనక్కి నడవడం పుట్టుకతో వచ్చే విద్య కాదు. గొంతుతో అదిలిస్తూ, మచ్చిక చేస్తూ నేర్పాలి. కపిల పాటలు పుట్టడానికి ఇదొక కారణం. ముప్పై నలభై అడుగుల బావికి ఒక విడత పూర్తికావడానికి సుమారు ఒక నిమిషం పడుతుంది. పెద్ద బానలో వంద లీటర్లకు పైగా పడతాయి. తెల్లవారకముందు మొదలుపెట్టి ఎండ ముదిరేదాకా ఇదే నడక. పాట పాదం బాట పొడవుకు సరిపోతుంది. దిగేటప్పుడు ఒక పాదం సాగుతుంది, వెనక్కి వచ్చేటప్పుడు అదిలింపులూ పల్లవీ.

ఇది బావి దగ్గర జరిగేది. పాటలో రెండో మనిషి అక్కడ లేదు. నీళ్ళు తొట్టి నుంచి కాలువలో పడి, తోటలోని మళ్ళ దాకా పారుతాయి. అక్కడ పారతో మడవ తిప్పడానికి ఒకరు ఉండాలి. ఒక మడి నిండగానే దాని మడవ మట్టితో మూసి, పక్క మడికి దారి తెరవాలి. ఆ పని ఇంటి ఆడమనిషిదో, కూలికి వచ్చిన ఆమెదో అయ్యేది. ఆమె ఆలస్యం చేస్తే మడి గట్టు, అంటే గెనిమ, తెగి నీళ్ళు దండగవుతాయి. అతను ఆపితే కాలువ ఆరుతుంది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు మొదటి బానలన్నీ కాలువ తాగడానికే సరిపోతాయి, మడికి చుక్క చేరదు. కరువు నేలలో అది చిన్న నష్టం కాదు.

అంటే ఇద్దరూ ఒకే నీటి ధారకు రెండు కొనల్లో కట్టుబడి ఉన్నారు. మధ్య దూరం ఉంది. ఒకరికొకరు కనబడకపోవచ్చు కూడా. వాళ్ళ మధ్య నడిచేవి రెండే: గొంతు, నీళ్ళు. కాలువలో ధార సన్నబడితే అతను ఆగాడని ఆమెకు తెలుస్తుంది. గిలక కిర్రుమనడం ఆగినా తెలుస్తుంది.

ఇప్పుడు పాట

ఇంత చెప్పాక అవే నాలుగు పాదాలు వేరుగా వినబడతాయి. "గొంతెత్తి పాడవయ్యా" అనడం సంగీతం మీద మోజు కాదు, కబురు పంపమనడం. "మడవ తిప్పే చేతికి నీ మాట అందాలయ్యా" అన్నప్పుడు చెవికి అనకుండా చేతికి అంది. ఆ చేతికి అప్పుడు నిజంగా అందుతున్నది అతను తోడిన నీళ్ళు. మాటా నీళ్ళూ ఒకే దారిన వస్తున్నాయి. ఈ ఒక్క పదాన్ని చెవిగా మార్చి అనువదిస్తే పాట చచ్చిపోతుంది.

మూడో పాదంలో వెక్కిరింత ఉంది. ముందుకెళ్ళి వెనక్కొచ్చేవి ఎద్దులు. కానీ తెలుగు వాక్యంలో ఆ విశేషణం "జోడెద్దుల బావ"ను కూడా అంటుకునే వీలుంది. ధైర్యం చేసి ఒక అడుగు ముందుకు వేసి, రెండడుగులు వెనక్కి తగ్గే మనిషి అన్నమాట. ఆడవాళ్ళు నవ్వేది ఇక్కడే. ఇంగ్లీషులోనైనా జర్మన్‌లోనైనా ఆ విశేషణం ఎవరిదో తేల్చి చెప్పవలసి వస్తుంది. తేల్చగానే చమత్కారం పోతుంది. కాబట్టి ఈ పాదాన్ని అనువదించడం కంటే, రెండు అర్థాలనూ విడివిడిగా చెప్పి ఊరుకోవడమే మేలు.

నాలుగో పాదంలో గడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలు. క్షణం అని అనువదిస్తే అడిగినది మరీ తక్కువవుతుంది, గంట అంటే ఎక్కువవుతుంది. పై లెక్క ప్రకారం గడియ అంటే ఇరవైకి పైగా బానల నీళ్ళు. కాలువ ఆరిపోవడానికి అది చాలు. అతను రాలేడని ఆమెకు తెలుసు, తను పిలుస్తున్నది కూడా కుదరని పనికే. సంగటి ముద్ద వేడిగా తినాలి, చల్లారితే గట్టిపడుతుంది. ఎదురుచూపుకు గడియారం ఆ ముద్దే.

వివరణ అందిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రశ్న చాలు: "ఈ పాటలో ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారు?" ఇద్దరూ బావి దగ్గరే ఉన్నారని జవాబు వస్తే పని తీరు ఇంకా అర్థం కాలేదన్నమాట. ఆమె గెనిమ మీద, అతను వాలు బాట మీద అని చెప్పగలిగితే మిగిలినది వారే ఊహించుకుంటారు.

అన్ని బావులూ ఒకటి కావు

ఇంగ్లీషులో ఒకే మాటతో సరిపెట్టే బావి సీమ పాటల్లో కనీసం మూడు రకాలు. కపిల బావి తోటలో ఉంటుంది, పని జంటది. చేద బావి ఊళ్ళో ఉంటుంది, బొక్కెనతో చేదుకోవాలి, చుట్టూ నలుగురు ఉంటారు. అక్కడి పాటల్లో ఎత్తిపొడుపులూ, నలుగురి కళ్ళూ, కడవ నిండినా కదలని కాళ్ళూ ఎక్కువ. దిగుడు బావికి మెట్లు. దిగిన మనిషి కాసేపు పైనున్నవారి కంటికి కనబడదు. పాటలో ఏ బావి అన్నది చెప్పకుండా "బావి దగ్గర కలిశారు" అంటే, సంత మధ్యలో కలిశారో చాటున కలిశారో తెలియనట్టే.

చేద బావి పాటల్లో ఇంకో చిక్కు ఉంది. బాటసారి దప్పిక అని అడగడం, ఆమె కడవ వంచి దోసిట్లో నీళ్ళు పోయడం మామూలు సన్నివేశం. విదేశీ శ్రోతకు ఇది మర్యాద. ఇక్కడ ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగవచ్చు, ఏ బావిలో ఎవరు చేదుకోవచ్చు అన్నవి కులాన్ని బట్టి నడిచిన విషయాలు. పైనుంచి దోసిట్లోకి పోయడంలోనే పాత్ర తగలకుండా ఉండే ఏర్పాటు కూడా ఉంది. పాట ఆ మాట ఎత్తదు. కానీ ఆ పాత్ర తగిలించుకోవడమే సాహసంగా చెప్పిన చోట, దీన్ని దాచిపెట్టి వివరిస్తే ఆ సాహసం కనబడదు. అందమైన పాటకు ఈ సంగతి జోడించడం చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది. ఇబ్బంది ఉన్నా చెప్పకపోతే పాట సగమే.

బావ, మామ: అసలు గందరగోళం

పెళ్ళింట్లో వచ్చే ఎదురు ప్రశ్న ఈ రెండు మాటల గురించే. మామ అంటే అమ్మకు అన్న లేదా తమ్ముడు, మామగారు కూడా. బావ అంటే మేనమామ కొడుకు లేదా మేనత్త కొడుకు, అక్క మొగుడు కూడా. చిన్నాన్న కొడుకు మాత్రం అన్నో తమ్ముడో అవుతాడు, అతని మీద ప్రేమపాట ఉండదు. అంటే ఈ పదాలు రక్తం ఎంత దగ్గర అన్నదాన్ని కాదు, పెళ్ళికి వరస కుదురుతుందా లేదా అన్నదాన్ని చెబుతాయి. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా దగ్గరి బంధుత్వాల్లో పెళ్ళిని నిషేధిస్తూనే, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. మేనరికాలు చట్టబద్ధంగా సాగడానికి ఆధారం ఆ మినహాయింపే.

అయితే పాటలో బావ అన్నంత మాత్రాన అతను నిజంగా మేనత్త కొడుకు కానక్కర్లేదు. వరసైనవాడు అంటే సరసమాడే హక్కు ఉన్నవాడు. చుట్టరికం లేని మనిషిని బావ అనడం అతనికి ఆ హక్కు ఇవ్వడం. "ప్రియా" అని అనువదిస్తే ఈ అనుమతి అన్న అర్థం పోతుంది. "కజిన్", "అంకుల్" అంటే లేని దిగ్భ్రాంతి వచ్చి పడుతుంది. ఆ మాటను బావ అనే ఉంచి ఒక్కసారి వివరించడమే తక్కువ నష్టం.

జర్మన్ భర్తకైతే ఒక సదుపాయం ఉంది. పాత జర్మన్‌లో అమ్మ సోదరుడికి ఓహైమ్ అని, నాన్న సోదరుడికి ఫెట్టర్ అని వేర్వేరు మాటలు ఉండేవి. ఫ్రెంచి నుంచి వచ్చిన ఓంకెల్ తర్వాత ఇద్దరినీ కలిపేసింది. ఫెట్టర్ కాలక్రమంలో కజిన్ అన్న అర్థంలోకి జారింది. మేనమామను వేరే మాటతో పిలవడం అతని భాషకు కొత్త కాదు, మరచిపోయిన అలవాటు. పెళ్ళి వరస అన్నది మాత్రం అక్కడ లేదు, అది ఇక్కడి నుంచే చెప్పాలి.

చేను: దాచేదీ దాచనిదీ

చేను అంటే వానాధార భూమి, మడి అంటే నీళ్ళు పారే నేల, తోట అంటే బావి కింద సాగు. ప్రేమపాటల్లో చాటుకు పనికొచ్చేది ఎక్కువగా జొన్న చేను. కర్నూలు, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో జొన్న మనిషి ఎత్తుకు మించి పెరుగుతుంది. కంకి పాలుపోసుకునే వేళకు పిట్టలను తోలడానికి మంచె వేస్తారు, వడిసెల తిప్పుతారు. మంచె ఎక్కినవారికి చేనంతా కనబడుతుంది, చేలో ఉన్నవారికి మంచె తప్ప ఏమీ కనబడదు. పాటలో మంచె ఎక్కినది ఆమె అయితే చూపు ఆమెది, అతను వెతుకులాటలో ఉన్నాడు. ఈ తేడా చెప్పకుండా "పొలంలో కలుసుకుందాం" అంటే ఎవరిది పైచేయో తెలియదు.

ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో అనంతపురం ఎర్రనేలల్లో వేరుశనగ ప్రధాన పంటగా మారింది. వేరుశనగ మోకాలి ఎత్తు కూడా రాదు, అందులో కుందేలు దాక్కోవడమే కష్టం. ఇప్పుడు విదేశీ భాగస్వామిని కారులో తీసుకెళ్ళి "పాటలో చేను ఇదే" అని చూపిస్తే వారికి కలిగే సందేహం న్యాయమైనదే. చూపించవలసింది జొన్న చేను.

బండి: ముందు వినబడేది

ఎద్దుల బండి గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడుస్తుంది, అంటే మనిషి నడకకు సమానం. పాటల్లో బండి వేగానికి గుర్తు కాదు. అది చప్పుడుకు గుర్తు. ఇరుసుకు కందెన తగ్గితే ఒక్కో బండి ఒక్కో తీరున అరుస్తుంది. ఎద్దుల మెడలో మువ్వల మోత కూడా ఏ ఇంటిదో పోల్చుకోవచ్చు. కనబడకముందే వచ్చేది ఎవరో తెలుస్తుంది. తిరునాళ్ళకు వెళ్ళిన మనిషి తిరిగి వస్తున్నాడని గడపలో ఉన్న ఆమెకు ముందు చెప్పేది ఆ మోతే. కారు అలవాటైన శ్రోత బండి పాటను ప్రయాణం పాటగా వింటాడు. చాలాసార్లు అది రాక కోసం చెవి ఒగ్గిన పాట.

జోడెద్దుల పోలిక దగ్గర అనువాదం ఇంకోలా తప్పుతుంది. ఇంగ్లీషులో కాడి అనగానే బానిసత్వం, భారం గుర్తుకొస్తాయి. మన పాటలోనూ కాడి బరువే, కానీ అక్కడ అసలు సంగతి జత. ఎడమ పక్కన కట్టేది దాపటెద్దు, కుడి పక్కది వలపటెద్దు. ఏ పక్కకు అలవాటైన ఎద్దు ఆ పక్కనే సరిగ్గా లాగుతుంది. పక్కలు మారిస్తే మొరాయిస్తుంది. జతలో ఒకటి పోతే, దానికి సరిపడే ఎత్తు, నడక, పక్క అలవాటు ఉన్న ఎద్దును వెతకడం రైతుకు పెద్ద పని. "జోడు విడిచిన ఎద్దు" అని పాటలో ఎవరైనా తనను తాను చెప్పుకుంటే, స్వేచ్ఛ దొరికిందని కాదు, పనికి రాకుండా కొట్టంలో నిలబడిపోయానని.

చెప్పే వరస

ఇలాంటి పాట చెప్పేటప్పుడు సాధారణంగా జరిగే పొరపాటు పాటతో మొదలుపెట్టడం. పాట విన్నాక వచ్చే వివరణ పాఠంలా ఉంటుంది, అప్పటికే నవ్వే క్షణం దాటిపోతుంది. ముందు రోజే పని గురించి కథలా చెప్పి ఉంచితే, మరుసటి రోజు పాటలో వారే దాన్ని గుర్తుపడతారు. ఒక పాటకు ఒక పనిముట్టు చాలు. కపిల, మంచె, బండి, వరసలు అన్నీ ఒకే సాయంత్రం చెబితే ఏదీ నిలవదు. ఊళ్ళో పెద్దవారు ఎవరైనా కపిల తోలి ఉంటే, ఆ ఎద్దులను వెనక్కి పిలిచే కేకను ఒకసారి వేయించుకోవడం పది నిమిషాల వివరణతో సమానం.

కపిల బావి ఆనవాళ్ళు ఇంకా కొన్ని తోటల్లో కనిపిస్తాయి. బావి ఒక ఒడ్డున లోపలికి చొచ్చుకొచ్చిన రెండు రాతి దిమ్మెలు, వాటి వెనక పూడిపోయిన తొట్టి, ఎదురుగా చుట్టూ ఉన్న నేల కంటే పల్లంగా, పొడవుగా గడ్డి మొలిచిన బాట ఉంటే అది కపిల బావే. ఆ బాట కింది కొసన ఒకరిని నిలబెట్టి, తోటలో కాలువ ముగిసే చోట ఇంకొకరు నిలబడితే, మధ్య దూరం ఎంతో అడుగులతో లెక్కపెట్టుకోవచ్చు. మామూలు గొంతుతో మాట్లాడితే వినబడుతుందో లేదో కూడా అక్కడే తేలిపోతుంది.